రెండో మనిషి మర్యాదలు

ఉయ్యూరు బస్టాండు దగ్గర చెరుకురసం గ్లాసు చేతిలో ఉండగా ఫోను వచ్చింది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీలో పనిచేసే అమ్మాయి. రొయ్యల కంపెనీలకూ డెయిరీలకూ మనుషుల్ని వెతికిపెట్టడం ఆమె ఉద్యోగం. గుడివాడ దాటాక కొత్తగా కట్టిన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ హెడ్ పోస్టుకు నన్ను ఇంటర్వ్యూకి పంపింది ఆమే. ఇంటర్వ్యూ అయి వారమైంది.

"మేడం, దాచి లాభం లేదండి. ప్యానెల్‌కి మీరు బాగా నచ్చారు. కానీ ఫస్ట్ చాయిస్ ఇంకొకరండి. ఆయనకి ఆఫర్ వెళ్ళిపోయింది. మిమ్మల్ని బ్యాకప్‌లో పెట్టారు."

బ్యాకప్ అంటే ఏమిటో నాకు తెలుసు. కారు డిక్కీలో పడుండే స్టెప్నీ. అసలు టైరుకు మేకు గుచ్చుకుంటే తప్ప దాని మొహం ఎవరూ చూడరు.

ఇంకెవరైనా అయితే "సరేనండి, చూద్దాం" అని పెట్టేసి, ఆ నంబరు మళ్ళీ ఎత్తేవాళ్ళు కాదు. నేనూ అంతే చేసేదాన్ని. కానీ ఆ మొదటి మనిషి ఎవరో నాకు తెలుసు. ఆ అమ్మాయి చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఇంటర్వ్యూ రోజున ఆ ప్లాంటు గేటు దగ్గరే తెలిసిపోయింది.

తిండి పదార్థాలు తయారయ్యే ప్లాంటులోకి బయటివాళ్ళు అడుగుపెట్టాలంటే ముందు ఆరోగ్యం రిజిస్టరు నింపాలి. జ్వరం ఉందా, ఒంటి మీద పుండ్లున్నాయా, వారంలోపు విరేచనాలయ్యాయా, అన్నీ రాసి సంతకం పెట్టాలి. నేను పెన్ను తీసుకుని నా వరస కోసం చూస్తే, పైన రెండు గళ్ళ ముందు మా సారు పేరు. విరేచనాల దగ్గర "లేవు" అని రాసి, కింద ఆ కొక్కెం లాంటి సంతకం. ఆ రోజు ఆయన మైలవరంలో మేనకోడలి ఓణీల ఫంక్షనని మా ఆఫీసులో సెలవు పెట్టారు. నేను పన్ను పీకించుకోవాలని పెట్టాను. ఆ రిజిస్టరులో ఇంటర్వ్యూకని రాసినవాళ్ళం మేమిద్దరమే. ఒకే కుర్చీ కోసం గుడివాడ రోడ్డెక్కామన్నమాట.

మా సారంటే, ఉయ్యూరు అవతల నేను పనిచేసే ప్లాంటులో క్వాలిటీ మేనేజరు. నేను ఆయన కింద అసిస్టెంటు మేనేజర్ని. ఐదేళ్ళు. చెరువు నుంచి వచ్చిన రొయ్యలో మందుల అవశేషాలున్నాయా లేవా దగ్గర్నుంచి, అట్టపెట్టెలో సర్ది కంటైనర్ ఎక్కేదాకా ఎక్కడ ఏ ప్రమాదముందో, ఏ మెట్టు దగ్గర దాన్ని పట్టుకోవాలో రాసిన ప్లాను మొత్తం నాది. రాత్రి షిఫ్టు ఆడవాళ్ళ పక్కన గమ్‌బూట్లు వేసుకుని, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రాసిన ప్లాను. మొదటి పేజీలో "తయారుచేసినవారు" అన్నచోట ఆయన పేరుంది. అడిగితే, "నీ పేరు పెడితే ఆడిటర్లు నిన్ను కూర్చోబెట్టి పీడిస్తారమ్మా, నీకెందుకులే అని నేనే వేసుకున్నా" అన్నారు. సొమ్మొకడిది, సోకొకడిది. విదేశాల నుంచి కొనుగోలుదారుల మనుషులు ఆడిట్‌కు వస్తే, ఆయన ఏసీ గదిలో వాళ్ళ ఎదురుగా, నేను వెనక రికార్డు రూములో. ఆయన వేలు చూపిస్తే ఫైలు పట్టుకుని పరిగెత్తాలి. ఏటా నా అప్రైజల్లో మాత్రం ఒకే వాక్యం: "కష్టపడుతుంది, నాయకత్వ లక్షణాలు ఇంకా రావాలి."

అందుకే నాకు ఆ పోస్టు కావాలి. ఆయన కింద నుంచి బయటపడాలి, ఇంకెవరి వెనకా నిలబడకుండా నా ఎదురుగా ఆడిటర్ కూర్చోవాలి. ఆ కుర్చీ ఆయనకే పోతోందని తెలిసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఈ మనిషి దగ్గర ఈసారి ఓడిపోకూడదనుకున్నాను. అది పట్టుదల అని ఇప్పుడు పదిమందిలో చెప్తుంటాను గానీ, అసలు పేరు పగ.

గ్లాసు బల్ల మీద పెట్టి, వీలైనంత తీపిగా అన్నాను.

"నిజం చెప్పినందుకు థాంక్సండి. నాకు ఆ ఉద్యోగం మీద ఆసక్తి ఏమీ తగ్గలేదు. రెండే అడుగుతాను. ఆయన సంగతి ఎప్పటికి తేలుతుంది? నాలో వాళ్ళకి తక్కువనిపించింది ఏంటి?"

"ఇలా అడిగినవాళ్ళు తక్కువండి," అంది ఆ అమ్మాయి. "సెకండ్ అనగానే సగం మంది తిడతారు. మిగతా సగం ఫోనెత్తరు. తీరా ఫస్ట్ ఆయన చెయ్యిస్తే నేను మళ్ళీ మొదటి నుంచీ వెతుక్కోవాలి. ఆయనకి మూడు నెలల నోటీసండి, నెలన్నరకి తగ్గించుకుంటానన్నారు. జాయినయ్యేదాకా ఏదీ ఖాయం కాదు. ఇక మీ సంగతంటారా... చెప్పనా మరి?"

"చెప్పండి, ఏమనుకోను."

"మీరేం అడిగినా 'మేం చేశామండి', 'మా సారు చూస్తారండి' అన్నారంట. పని తెలుసు గానీ సొంతంగా చేసిందేంటో అర్థం కాలేదన్నారు. ఆడిటర్ ముందు ఒక్కరే కూర్చోగలరా అని డౌటంట."

చెంప మీద కొట్టినట్టయింది. మనవైపు పెంపకం అది. పెద్దవాళ్ళ ముందు "నేను" అనడం పొగరు. నా చేత్తో రాసినదాన్ని కూడా మర్యాదకు "మా సారు" ఖాతాలో వేసి వచ్చాను, అదీ ఆయనతో పోటీ పడుతున్న గదిలో కూర్చుని. ఆయన మాత్రం "నేను" అనే చెప్పుంటారు, నా ప్లాను గురించే. బస్సులో కంకిపాడు దాటేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆయన సంగతి బయటపెట్టొచ్చు కదా అంటే, పెట్టొచ్చు. ఆ రాత్రి ఒక మెసేజి రాశాను కూడా, "మీ మొదటి అభ్యర్థి చూపించిన పని ఎవరిదో కనుక్కోండి" అని. చదువుకుని చెరిపేశాను. మంచితనం వల్ల కాదు. రెండో మనిషి మొదటి మనిషి మీద చాడీ చెప్తే, కంపు కొట్టేది రెండో మనిషే. దాని బదులు ఇంకోటి రాశాను: మాట్లాడినందుకు కృతజ్ఞతలు, ఇంకా ఆసక్తితోనే ఉన్నాను, ఇంటర్వ్యూలో సరిగా చెప్పలేకపోయిన మూడు పనులు ఇవి. మూడు వాక్యాలూ "నేను"తో మొదలుపెట్టాను. కంపెనీ గుట్టు ఏదీ చెప్పకుండా, చేసింది మాత్రమే చెప్పాను. పంపాక, దొంగతనం చేసినట్టు ఫోను దిండు కింద దాచాను. నాది నేను తీసుకోవడానికి అంత భయపడ్డాను.

మా అమ్మకి విషయం చెప్పాను. మాది గుణదల, మాతగుడికి నడిచివెళ్ళేంత దూరం. అమ్మ కొవ్వొత్తి వెలిగించింది.

"శత్రువును ప్రేమించమన్నాడే ప్రభువు. ఆయన మీద కక్ష పెట్టుకోబాకు," అంది.

"కక్షేం లేదమ్మా. నవ్వుతూనే ఉన్నాగా."

"ఆ నవ్వు చూస్తేనే భయమేస్తోంది నాకు."

తర్వాతి రోజుల్లో ఆఫీసులో నా అంత హుషారైన మనిషి లేదు. ఉత్తుత్తి రీకాల్ పరీక్ష ఒకటి పెట్టాల్సి ఉంటే, నేనే చేస్తానన్నాను. అంటే, తయారై వెళ్ళిపోయిన ఒక పెట్టె నంబరు ఎవరో ఒకరు చెప్తారు. అందులోని రొయ్య ఏ రైతు చెరువుదో, ఏ తేదీన పట్టారో, ఎవరు ఒలిచారో, దాంతోపాటు వెళ్ళిన మిగతా పెట్టెలు ఎక్కడున్నాయో కాగితాలతో సహా చూపించాలి. నాలుగు గంటల గడువులో రెండు గంటలకే ముగించాను. రిపోర్టు కింద మొదటిసారి నా పేరు రాసుకున్నాను. సారు గమనించలేదు. ఆయన మనసు అప్పటికే గుడివాడ దాటిపోయింది.

రెండు వారాలకోసారి ఆ అమ్మాయికి ఒక చిన్న కబురు. రోజూ ఫోన్ చేసి విసిగించలేదు. రీకాల్ పరీక్ష ఒంటరిగా నడిపానని ఒకసారి. నాకు నెల నోటీసేనని, ఎప్పుడంటే అప్పుడు రాగలనని ఇంకోసారి. ఈలోగా వేరే కంపెనీ వాళ్ళు పిలిస్తే అక్కడికీ వెళ్ళొచ్చాను. దాచకుండా అదీ చెప్పాను, "అక్కడ రెండో రౌండుకు పిలిచారండి, కానీ నా మొదటి ఇష్టం మీదే" అని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు తేనెలో ముంచి ఉంది, కింద పళ్ళు మాత్రం కొరుకుతూనే ఉన్నాయి.

సారు రాజీనామా ఇచ్చారు. ఆ వారంలోనే ఆ అమ్మాయి తనంతట తనే ఫోన్ చేసి, పేరు చెప్పకుండా వాపోయింది. "ఆయన ఆఫర్ సైన్ చేశారండి. చేసి, ఇప్పుడు మూఢం, మూఢం వెళ్ళాకే జాయినవుతానంటున్నారు. క్లయింట్ తల పట్టుకున్నారు. మీకేమైనా ఇలాంటి పట్టింపులు..."

"ఏం లేవండి. అమావాస్య రోజు రమ్మన్నా వస్తాను."

మంగళవారం కొత్త పని మొదలుపెడితే మా అమ్మ ఒప్పుకోదు. అది చెప్పలేదు.

ఆ ఫోను వచ్చిన మూడో రోజు మా ఎండీ గారు నన్ను పైకి పిలిపించారు. పెద్దాయన, నిదానస్తుడు. చల్లపల్లి వైపు రొయ్యల చెరువులతో మొదలుపెట్టి ఈ ప్లాంటు దాకా వచ్చినవాడు. నన్ను కూర్చోమని, టీ తెప్పించారు.

"అమ్మాయ్, మీ సారు పేపరు పెట్టాడు, తెలుసుగా. మూడు నెలలు ఉండడంట, మూఢం వెళ్ళగానే వదిలేయమంటన్నాడు. ఆయన వెళ్ళిపోతే డిపార్ట్‌మెంటు నడుస్తదా? నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు."

టీ మీద మీగడ కట్టేంతసేపు ఆలోచించాను. నడుస్తుందంటే ఆయన్ని వదిలేస్తారు, ఆయన దర్జాగా వెళ్ళి నా కుర్చీలో కూర్చుంటారు. నడవదంటే పట్టి ఉంచుతారు, జీతం పెంచుతారు. ఆయన్ని నాకు తెలుసు, పెంచితే ఆగిపోతారు. అప్పుడు అక్కడ కుర్చీ ఖాళీ. ఇక్కడ ఆయన, ఆయన సంతకాలు, వచ్చే మూడు నెలల్లో ఆడిట్. వెనక గదిలో నేను ఉండను.

ఐదేళ్ళుగా నా నోటికి అలవాటైన మాటే. ఇంటర్వ్యూలో నన్ను ముంచిన మాటే. ఈసారి కావాలని అన్నాను.

"మా సారు లేకపోతే కష్టమండి. ప్లాను అంతా ఆయన రాసిందే కదండీ. ఆడిటర్లకి ఆయన మాటంటే గురి. మేమంతా ఆయన చెప్పింది చేసేవాళ్ళమేనండి."

పెద్దాయన నా మొహంలోకి చూశారు. "అంతేనంటావా?"

"అంతేనండి."

"బాగా ఆలోచించుకునే చెప్తన్నావా? నీకేం చెప్పాలని లేదా?"

"లేదండి. ఆయన్ని వదులుకోకండి."

మెట్లు రెండేసి చొప్పున దిగాను. అంత ఆనందం నాకు మొదటి జీతం వచ్చినప్పుడు కూడా కలగలేదు. శత్రువును ప్రేమించానమ్మా, పొగిడి మరీ ప్రేమించాను, అనుకున్నాను.

అన్నీ నేను అనుకున్నట్టే జరిగాయి. సారుకు జీతం పెరిగింది, ఇంటి నుంచి తీసుకెళ్ళడానికి కారు వచ్చింది. రాజీనామా వెనక్కి తీసుకున్నారు. మూఢం ఇంకా వెళ్ళనే లేదు. తొమ్మిదో రోజున నా ఫోను మోగింది.

"మేడం, ఇంకా ఇంట్రస్ట్ ఉందాండి?" అమ్మాయి గొంతులో అలసట. "ఆయన రావట్లేదు. మీ మెసేజీలన్నీ క్లయింట్‌కి పంపానండి, ఆ మూడు పాయింట్లూ. ఇంకోసారి కలుస్తామంటున్నారు."

రెండోసారి వెళ్ళినప్పుడు ప్యానెల్ ముందు ఒక్కసారి కూడా "మేం" అనలేదు. మధ్యలో ఒకాయన, "మీరు సెకండ్ చాయిస్ అని తెలిసి కూడా ఇంత ఓపిగ్గా ఎలా ఉన్నారు?" అని అడిగాడు. "నాకు ఈ పనంటే ఇష్టమండి" అన్నాను. అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా ఇక్కడ పెదవి విప్పలేదు. వచ్చాక రాజీనామా ఇచ్చాను. ఎండీ గారు ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. "పోనీలేమ్మా, బాగుండు," అని సంతకం పెట్టేశారు. సారుకు దాదాపు కారు కొనిపెట్టిన మనిషి నన్ను ఉండమని మర్యాదకైనా అనలేదు. అది గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

వెళ్ళేముందు ఏ ఫైలు ఎక్కడుందో మూడు పేజీల జాబితా రాసి సారు ముందు పెట్టాను. చదవలేదు. ఎప్పటిలాగే కింద సంతకం గీకి, "రా, టీ తాగుదాం," అన్నారు.

క్యాంటీన్లో ఒక మూల కూర్చున్నాం. ఆయన గ్లాసు తిప్పుతూ, తిప్పుతూ అన్నారు.

"నీకో సంగతి చెప్పాలమ్మా. నేను పేపరు పెట్టినప్పుడు, నా తర్వాత నిన్నే మేనేజర్ని చెయ్యమని రాశాను. ప్లాను కూడా ఆ అమ్మాయిదేనండి అని ఎండీ గారితో చెప్పాను. ఆయన నిన్ను పిలిచింది అందుకే. నువ్వు అవునంటే ఆ రోజే నీకు ఆర్డరిచ్చేవాళ్ళు. నువ్వేమో అంతా నాదేనన్నావంట." ఆయన కళ్ళు తడయ్యాయి. "ఐదేళ్ళలో నేను నీకేం చేశానని, నా గురించి అంత గొప్పగా చెప్పావ్?"

పెద్దాయన రెండుసార్లు ఎందుకడిగారో, నీకేం చెప్పాలని లేదా అని ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ నేను అడగాలనుకున్నది టీ గ్లాసు పక్కన పెట్టి ఇస్తుంటే, వద్దని తోసేసి వచ్చాను.

సిగ్గు వేయాలి. వేసింది కూడా. కానీ దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఐదేళ్ళు గుర్తురాని నా పేరు తొందరగా వదిలించుకోవాల్సి వచ్చినప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? తన చోట ఎవరో ఒకరిని చూపిస్తే తప్ప నోటీసు తగ్గించరు కదా. అంటే నన్ను మళ్ళీ వాడుకున్నట్టేనా? లేక నిజంగానే చేశారా? ఆయన మొహం చూస్తే తెలియలేదు. ఈ రోజుకీ తెలియదు. నా పగను కూడా తిన్నగా సాగనివ్వని ఆ మనిషి మీద నాకు మునుపటికంటే ఎక్కువ మండింది.

"ఎక్కడ చేరుతున్నావో చెప్పలేదే?" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

చెప్పాను. గుడివాడ దాటాక, ఫలానా ప్లాంటు, క్వాలిటీ హెడ్.

గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆయన ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా లెక్క కట్టారో నాకు తెలియదు. గ్లాసు కింద పెట్టి, "మంచిది. మంచి కంపెనీ," అన్నారు. ఇంకేం అడగలేదు. ఆ క్షణం కోసమే నేను మూడు నెలలు నవ్వుతూ తిరిగాను. తీరా వచ్చాక చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేదు.

లేచేటప్పుడు మాత్రం, "ఆడిట్ టైములో ఏదన్నా దొరక్కపోతే ఫోన్ చేస్తా, ఎత్తుతావుగా?" అన్నారు.

"తప్పకుండా సార్," అన్నాను, ఆ కన్సల్టెన్సీ అమ్మాయితో మాట్లాడే గొంతుతోనే.

కొత్త ప్లాంటులో చేరిన ఐదో వారంలో ఆ ఫోను వచ్చింది. పదకొండు గంటలప్పుడు. నేను నా గదిలోనే, నా బల్ల దగ్గరే ఉన్నాను. పెద్ద పనేమీ లేదు. ఆయన పేరు వెలిగి, ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. మూడోసారి కూడా ఎత్తలేదు. తర్వాత మెసేజి: "ఆడిటర్ ఎదురుగా ఉన్నాడమ్మా. మార్చి నెల చెరువుల టెస్ట్ రిపోర్టులు ఎక్కడున్నాయో చెప్పు చాలు."

ఎక్కడున్నాయో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. జాబితాలో మూడో పేజీలో రాశాను కూడా. వేళ్ళు బల్ల మీద పెట్టుకుని, ఏసీ గదిలో ఆయన, ఎదురుగా విదేశం నుంచి వచ్చిన ఆడిటరు, వెనక గదిలో ఎవరూ లేకపోవడం, అన్నీ ఊహించుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాను. ఆడిటర్ కారెక్కి గన్నవరం ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళిపోయి ఉంటాడనుకున్న తర్వాత, అయిదున్నరకు, జవాబు పంపాను.

"సారీ సార్, ఇప్పుడే చూశాను. రికార్డు రూములో రెండో ర్యాకు, ఆకుపచ్చ ఫైలు."

నిమిషంలో తిరుగు జవాబు వచ్చింది. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది, ఆ తిట్టు కోసమే రోజంతా ఎదురుచూశాను.

"పొద్దునే దొరికిందమ్మా. కొత్త చోట పని ఎక్కువ ఉండుంటుంది, మధ్యలో విసిగించాను. ఏమనుకోకు. థాంక్యూ."

ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ పెట్టిన అన్నం ముందు కూర్చుంటే, ముద్ద దిగలేదు.